పాపకు అమ్మవారు పోసింది: స్కూలుకు ఏమని చెప్పాలి, ఏ తేదీన పంపాలి?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది కర్నూలు. పాప ప్రైవేటు స్కూల్లో నాలుగో తరగతి. ఈరోజు, మార్చి 8 ఆదివారం పొద్దున కడుపు మీద, వీపు మీద నీటి పొక్కులు కనిపించాయి. చూపిస్తే చికెన్‌పాక్స్ అన్నారు. శుక్ర, శనివారాలు మామూలుగానే స్కూలుకు పోయింది, ఆటోలో. 12 నుంచి పరీక్షలు. స్కూలుకు నిజం చెబితే మిగతా తల్లిదండ్రులు గొడవ చేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. మా అత్త తొమ్మిదో రోజు నీళ్ళు పోసినాక పంపుదాం అంటుంది, పక్కింటామె 21 రోజులు పంపకూడదంటుంది. బాబు కూడా అదే స్కూల్లో యూకేజీ. ఏం చేయాలి?

సమాధానం:

అమ్మా, ముందు ఈ రాత్రికే స్కూలుకు చెప్పండి. తేదీ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. నేను కర్నూల్లో పిల్లల డాక్టర్ని. ఇలాంటి సర్టిఫికెట్లు ప్రతి వేసవి ముందూ రాస్తుంటాను. చాలామంది తల్లిదండ్రులు స్కూలుకు తిరిగి పంపే రోజున మాత్రమే సంగతి చెబుతారు. అప్పటికి చెప్పినా స్కూలు చేయగలిగింది పెద్దగా మిగలదు.

ఎందుకంటే, ఈ జబ్బు పొక్కులు కనబడడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇతరులకు అంటుకుంటుంది. పాపకు ఆదివారం పొద్దున పొక్కులు కనిపించాయంటే శుక్రవారం, శనివారం క్లాసులో కూర్చున్నప్పుడే గాలి ద్వారా పక్కవాళ్ళకు సోకి ఉండవచ్చు. అది మీ తప్పు కాదు, అప్పటికి ఎవరికీ తెలిసే అవకాశం లేదు. ఇంతకుముందు ఈ జబ్బు రానివాళ్ళు, టీకా వేయించుకోనివాళ్ళు అదే గదిలో కాసేపు కూర్చున్నా వాళ్ళకు సోకే వీలుంది. కాబట్టి మీ పాప విషయంలో స్కూలు తెలుసుకోవాల్సిన తేదీలు రెండు: మార్చి 6, మార్చి 7. ఇంట్లో ఉన్న పాప గురించి ఇక స్కూల్లో భయం లేదు. ఆ రెండు రోజులు పాపతో కలిసి కూర్చున్న వాళ్ళ గురించే ఆలోచించాలి.

ఆ కూర్చున్న వాళ్ళలో చాలామంది పిల్లలకు ఇది వారం పది రోజుల జ్వరం, దురదతో పోయే జబ్బు. కానీ కొందరికి అంత తేలిక కాదు. క్లాసుకు వచ్చే టీచర్లలో గర్భంతో ఉన్నవాళ్ళు ఉండవచ్చు. మనలాంటి వేడి ప్రాంతాల్లో చిన్నప్పుడు అమ్మవారు పోయకుండానే పెద్దవాళ్ళయ్యేవాళ్ళు చల్లటి దేశాల కంటే ఎక్కువ. అందుకని ‘పెద్దవాళ్ళకు ఎప్పుడో వచ్చి పోయి ఉంటుందిలే’ అనుకోవడానికి లేదు. పిల్లల్లో కూడా మూత్రంలో ప్రోటీను పోయే కిడ్నీ జబ్బుకు స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్ళు, రక్త క్యాన్సరుకు చికిత్స తీసుకుంటున్నవాళ్ళు ఉండవచ్చు. అలాంటి వాళ్ళకు ఇది ఊపిరితిత్తుల దాకా పోగలదు. వాళ్ళ కోసం ముందుగా ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ ఉంది. సోకిన 96 గంటల్లోపు ఇస్తే మంచిది, ఆలస్యమైనా పది రోజుల్లోపు ఇవ్వవచ్చు. శుక్రవారం పొద్దున నుంచి లెక్కేస్తే 96 గంటలు మంగళవారం పొద్దునకు అయిపోతాయి. అది ప్రతి మందుల షాపులో దొరికేది కాదు. తెప్పించుకోవడానికి టైము కావాలి, గర్భిణికైతే ముందు రక్తపరీక్ష చేసి ఆమెకు ఇప్పటికే రక్షణ ఉందో లేదో చూడాలి. మీరు ఆదివారం రాత్రి చెబితే ఇవన్నీ జరగడానికి వీలుంటుంది. గురువారం చెబితే ఆ మంచి సమయం దాటిపోయినట్టే.

ఇక గొడవ చేస్తారన్న భయం. ఇక్కడ తేదీలు కాస్త జాగ్రత్తగా చూడండి, మీ భయానికి జవాబు అందులోనే ఉంది. ఈ జబ్బు సోకిన తర్వాత పొక్కులు కనబడడానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది, ఎక్కువమందికి రెండు వారాల అటూ ఇటూ. మార్చి 6, 7 తేదీల్లో సోకిన పిల్లలకు పొక్కులు మార్చి 16 నుంచి 28 మధ్యలో వస్తాయి. మీ పాప స్కూలుకు తిరిగి వచ్చేది కూడా దాదాపు 16ననే. అంటే పాప క్లాసులో అడుగు పెట్టిన నాలుగైదు రోజులకు ఇంకో ఇద్దరు ముగ్గురు పిల్లలు పడితే, చూసేవాళ్ళకు ఎలా కనిపిస్తుంది? ‘తగ్గకముందే పంపించారు, అందుకే మా పిల్లలకు అంటింది’ అంటారు. నిజానికి అది మొదటి రెండు రోజుల్లో అంటుకున్నదే. పాప వచ్చాక సోకి ఉంటే 26వ తేదీ లోపు కనబడే ప్రశ్నే లేదు. జ్వరం అని రాసి పిల్లను వారం ఇంట్లో ఉంచుకున్న కుటుంబానికి ఈ మాట చెప్పుకునే దారి ఉండదు, ఎందుకంటే మొదటి రోజు తేదీ వాళ్ళు ఎక్కడా రాసి ఇవ్వలేదు. దాచినవాళ్ళే ఇలా మాట పడడం నేను చూశాను. రాసి ఇచ్చినవాళ్ళ తరఫున మాత్రం హెడ్మాస్టరే మిగతా తల్లిదండ్రులకు వివరించి చెబుతారు.

కాబట్టి ఫోన్లో చెప్పి ఊరుకోకుండా, ఫోన్ తర్వాత ఒక మెసేజ్ కూడా పెట్టండి. క్లాస్ టీచరుకు, హెడ్మాస్టరుకు విడివిడిగా పెట్టండి. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో వద్దు. ఏ పిల్లకు వచ్చిందో గ్రూపుకు తెలియనక్కరలేదు, ఏ తేదీల్లో ఏ క్లాసులో సోకే అవకాశం ఉందో తెలిస్తే చాలు. ఇలా రాయవచ్చు:

‘నమస్తే సర్. నాలుగో తరగతి బి సెక్షన్‌లో చదువుతున్న ఫలానా పాప తల్లిని. పాపకు ఈరోజు, మార్చి 8న పొక్కులు కనిపించాయి. డాక్టరు చూసి చికెన్‌పాక్స్ అని చెప్పారు. 6, 7 తేదీల్లో పాప క్లాసులో, స్కూలు ఆటోలో ఉంది, ఆ రెండు రోజులూ ఇతరులకు సోకే అవకాశం ఉందట. ఆ క్లాసుకు వచ్చే టీచర్లలో గర్భిణులు ఉన్నా, పిల్లల్లో స్టెరాయిడ్ మాత్రలు, క్యాన్సరు మందులు వాడేవాళ్ళు ఉన్నా దయచేసి రేపే చెప్పి, డాక్టరును కలవమనండి. పాప పేరు గ్రూపులో పెట్టవద్దని మనవి. మార్చి 16 సోమవారం పంపాలనుకుంటున్నాం. 15 సాయంత్రం ఒళ్ళంతా చూసి పొక్కులన్నీ ఎండితేనే పంపుతాం, లేకపోతే ఆ రాత్రే మీకు తెలియజేస్తాం. ఈలోపు జరిగే పరీక్షలు తర్వాత రాయించడానికి వీలవుతుందా చెప్పండి. యూకేజీలో ఉన్న బాబుకు ఇప్పటికి ఏమీ లేదు, వాడి గురించి కూడా మాట్లాడాలి.’

ఆటో డ్రైవరుకు కూడా చెప్పండి. ఈ ముక్క అందరూ మర్చిపోతారు. మన ఊళ్ళో ఒక్క ఆటోలో రెండు మూడు స్కూళ్ళ పిల్లలు ఒకరి మీద ఒకరు కూర్చుని పోతారు. మీ స్కూలు వేరే స్కూలు పిల్లలకు చెప్పలేదు. డ్రైవరు అయితే ప్రతి ఇంటి దగ్గరా ఆగుతాడు కాబట్టి తల్లులకు చెప్పగలడు. సాయంత్రం ట్యూషన్ ఉంటే ఆ టీచరుకు కూడా చెప్పాలి.

ఇప్పుడు తేదీ. మార్చి 16 అని ఎందుకు రాయించానో చెబుతాను. పొక్కులు ఒకేసారి రావు, మూడు నాలుగు రోజుల పాటు విడతలుగా వస్తుంటాయి. మొదట ఎర్రటి చుక్క, అది ఉబ్బి నీటి పొక్కు, ఆ నీరు మసకబారి, తర్వాత ఎండి పక్కు కడుతుంది. ఒక్క పొక్కుకు ఇదంతా జరగడానికి కొన్ని రోజులు పట్టవచ్చు. మీ పాపకు 8న మొదలైంది కాబట్టి 11, 12 తేదీల దాకా కొత్తవి వస్తూ ఉండవచ్చు, చివరివి ఎండేసరికి 14, 15 అవుతుంది. అంటువ్యాధి తీరే గుర్తు రోజుల లెక్క కాదు, చివరి పొక్కు. ఒంటి మీద ఎక్కడా నీటి పొక్కు మిగలకుండా, ప్రతిదీ పక్కు కట్టాక పాప వల్ల ఇతరులకు సోకదు. కనీసం 5 రోజులు గడవాలి అన్నది కూడా పాటించే లెక్కే, అయితే అది దిగువ హద్దు మాత్రమే. 5 రోజులు అయ్యాయి కదా అని తడి పొక్కులతో పంపకూడదు.

పక్కింటామె చెప్పిన 21 రోజులు ఎక్కడి నుంచి వచ్చాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది. అది సోకినవాళ్ళకు పొక్కులు వచ్చే దాకా ఎదురుచూసే గడువు. జబ్బు వచ్చిన పిల్లను ఇంట్లో ఉంచే గడువు కాదు. కొన్ని స్కూళ్ళు కూడా ఈ రెండింటినీ కలిపేసి మూడు వారాలు రావద్దంటాయి. ఇంకొన్ని పక్కులు పూర్తిగా రాలిపోయేదాకా రావద్దంటాయి. పక్కులు రాలడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, మచ్చలు నెలల తరబడి ఉంటాయి. ఎండిన పక్కు వల్ల ఎవరికీ ఏమీ రాదు. మీ స్కూలు అలా అంటే వాదన పెట్టుకోకండి. ‘డాక్టరు పరీక్ష చేసి పొక్కులన్నీ ఎండాయని రాసిస్తే తీసుకుంటారా’ అని అడగండి. సాధారణంగా ఒప్పుకుంటారు, వాళ్ళకు కూడా చేతిలో ఒక కాగితం కావాలి.

మీ అత్తగారి మాట మీద నాకు అభ్యంతరం లేదు. 8న మొదలైతే తొమ్మిదో రోజు మార్చి 16 అవుతుంది. ఆ పొద్దున వేపాకు నీళ్ళు పోసి, అమ్మవారికి పెట్టుకోవాల్సింది పెట్టుకుని, ఆ తర్వాత పంపండి. మీ లెక్కా నా లెక్కా ఈసారి ఒకేచోట కలిశాయి. కానీ అన్నిసార్లూ కలవవు. కొన్ని ఇళ్ళలో ఐదో రోజే నీళ్ళు పోసేస్తారు, అప్పటికి పిల్లకు ఇంకా తడి పొక్కులు ఉండవచ్చు. నీళ్ళు పోసినంత మాత్రాన అంటడం ఆగదు. అదేవిధంగా, తొమ్మిది రోజులు ఒంటి మీద నీళ్ళే పడకూడదన్న పట్టుదల వద్దు. ఈ మార్చి ఎండలకు చెమట, మురికి చేరి గోకితే పొక్కులు చీము పడతాయి. రోజూ గోరువెచ్చటి నీళ్ళతో, రుద్దకుండా ఒళ్ళు కడగవచ్చు. వేపాకులు వేసిన నీళ్ళయితే మీ అత్తగారికీ తృప్తిగా ఉంటుంది. తొమ్మిదో రోజు పోసే నీళ్ళు పండగ నీళ్ళుగా ఉండనివ్వండి.

15 సాయంత్రం చేసే పరీక్ష గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే పొరపాటు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. దీపం వెలుగులో కాదు, చీకటి పడకముందు కిటికీ దగ్గర పగటి వెలుగులో చూడండి. కాలమైన్ లోషన్ గానీ, వేప పసుపు ముద్ద గానీ రాసి ఉంటే ముందు కడిగేయండి. ఆ పొర కింద తడి పొక్కు కూడా ఎండినట్టే కనిపిస్తుంది. మొహం, కడుపు చూసి సరిపెట్టుకోకండి, అవి మొదట వచ్చినవి, మొదట ఎండుతాయి. జుట్టు పాయలు తీసి తల, చెవుల వెనక, చంకలు, గజ్జలు, కాళ్ళ వేళ్ళ సందులు చూడండి. చెమట నిలిచే చోట్ల ఎండడం ఆలస్యమవుతుంది. ఎండిన పక్కు గోధుమ రంగులో, గరుకుగా, మెరుపు లేకుండా ఉంటుంది. కొంచెం మెరుస్తున్నా, వేలితో తాకితే మెత్తగా నీరు కదిలినట్టున్నా అది ఇంకా ఎండలేదు. నోటిలో వచ్చిన పుండ్లకు పక్కు కట్టదు, అవి మానుతాయి అంతే. వాటితో తేదీ లెక్క వేయకండి.

ఈ రోజు నుంచే రోజూ సాయంత్రం వీపు, కడుపు, చేతులు ఒకే వెలుతురులో ఫోటో తీసి పెట్టుకోండి. ముందురోజు ఫోటోతో పోల్చితే కొత్తవి వస్తున్నాయా లేదా తెలిసిపోతుంది. కొత్త పొక్కు ఒక్కటీ రాని మొదటి రోజును క్యాలెండరులో గుర్తు పెట్టండి. అది 12 అయితే 16 దాదాపు ఖాయం. 14న కూడా కొత్తవి వస్తుంటే 16 కష్టం, స్కూలుకు ఆ రోజే మాట చెప్పవచ్చు. పాపకు చిన్నప్పుడు టీకా పడి ఉంటే లెక్క మారుతుంది. ఈ టీకా ప్రభుత్వ ఉచిత టీకాల జాబితాలో లేదు, ప్రైవేటులో వేయించి ఉంటే కార్డు చూడండి. టీకా పడ్డ పిల్లలకు కొన్నిసార్లు నీటి పొక్కులే రాకుండా ఎర్ర దద్దుర్లతో తేలిపోతుంది. అవి పక్కు కట్టవు. వాళ్ళ విషయంలో 24 గంటల పాటు కొత్తవి రాకపోతే అదే గుర్తు.

పక్కులన్నీ కట్టినా పంపకూడని సందర్భం ఒకటుంది. తగ్గిన జ్వరం మళ్ళీ రావడం, ఏదైనా పొక్కు చుట్టూ ఎర్రబారి వేడిగా వాచడం, పాప మత్తుగా ఉండడం, ఊపిరి వేగంగా తీయడం, నడకలో తూలడం కనిపిస్తే స్కూలు సంగతి పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి, రాత్రయితే పెద్దాసుపత్రికి పోండి. జ్వరానికి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ మాత్రమే వాడండి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ ఈ జబ్బులో ఇవ్వకూడదు.

పరీక్షల విషయంలో స్కూలు నుంచే ఒక మాట రావచ్చు: ‘రాసి పోనివ్వండమ్మా, విడిగా మూల బెంచీలో కూర్చోబెడతాం.’ మంచి మనసుతోనే అంటారు, కానీ ఒప్పుకోకండి. ఇది గాలి ద్వారా పోయే జబ్బు, మూల బెంచీ అయినా అదే గది. వేరే గది ఇచ్చినా ఆటో, మెట్లు, ఇన్విజిలేటర్ ఉంటారు. 12, 13, 14 తేదీల పరీక్షలు పోతాయి. 16 నుంచి ఉన్నవి రాస్తుంది. పోయినవి తర్వాత విడిగా పెట్టమని ఇప్పుడే అడగండి. నాలుగో తరగతి పిల్లకు స్కూలు లోపలి పరీక్ష మళ్ళీ పెట్టడం హెడ్మాస్టరు చేతిలో పనే. ముందు అడిగితే అదనపు ప్రశ్నపత్రం పక్కన పెడతారు.

సర్టిఫికెట్ కోసం పాపను తీసుకొచ్చేటప్పుడు ముందు క్లినిక్‌కు ఫోన్ చేయండి. టీకాలకు వచ్చిన పసిపిల్లల మధ్య కూర్చోబెట్టకూడదు. మా దగ్గర చివర్లో రమ్మంటాం, లేదా నేరుగా లోపలికి పిలుస్తాం. కాగితం మీద ఊరికే ‘ఫిట్’ అని రాయించుకోకండి. పొక్కులు మొదలైన తేదీ, పరీక్ష చేసిన తేదీ, ‘పొక్కులన్నీ ఎండి పక్కు కట్టాయి, స్కూలుకు వెళ్ళవచ్చు’ అన్న వాక్యం, ఈ మూడూ ఉండాలి. పరీక్ష చేసిన తేదీ 15 గానీ 16 గానీ కావాలి. 10న వచ్చి 16 తేదీ వేసి ఇవ్వమంటే నేను ఇవ్వను. మీ డాక్టరు కూడా ఇవ్వకూడదు. హాజరు కోసం లీవు లెటరుతో ఇదే జతచేయవచ్చు.

చివరగా బాబు. ఒకే ఇంట్లో ఉన్నాక, ఇంతకుముందు రాని పిల్లలకు చాలావరకు సోకుతుంది. వాడికి టీకా పడకపోతే రేపు సోమవారమే మీ పిల్లల డాక్టరును అడగండి. సోకిన మూడు రోజుల్లోపు, ఆలస్యమైతే ఐదు రోజుల్లోపు టీకా వేస్తే రాకుండానో, తేలికగానో పోయే అవకాశం ఉంది. శుక్రవారం నుంచి లెక్కేస్తే బుధవారం దాకా సమయం ఉన్నట్టు. వాడికి వస్తే మార్చి 16 నుంచి పాప పొక్కులు ఎండిన 21 రోజుల లోపు, అంటే ఏప్రిల్ మొదటి వారం వరకు ఎప్పుడైనా రావచ్చు. ఎక్కువగా 20 తర్వాత. ఆరోగ్యంగా ఉన్నంతకాలం వాడిని స్కూలు మాన్పించాల్సిన పని లేదు, కానీ యూకేజీ టీచరుకు తెలియాలి. వాడి క్లాసులో గర్భిణి టీచరు గానీ, పైన చెప్పిన మందులు వాడే పిల్లలు గానీ ఉంటే 14వ తేదీ నుంచి ఆ గడువు తీరేదాకా ఇంట్లో ఉంచుకోవడం మేలు. పొక్కులకు ముందు రెండు రోజుల సంగతి వాడికీ వర్తిస్తుంది కదా. స్కూలుకు పంపుతుంటే 14 నుంచి రోజూ పొద్దున చొక్కా వేయకముందు వీపు, కడుపు, తల చూడండి. ఒక్క చుక్క కనబడినా ఆ పూట పంపకుండా స్కూలుకు ఫోన్ చేయండి. వాడి తేదీ వాడి మొదటి పొక్కు నుంచి మళ్ళీ కొత్తగా లెక్కవేసుకోవాలి. అప్పుడు పాపను మాత్రం ఆపకండి, ఆమెకు వచ్చి తగ్గింది కాబట్టి ఇక తమ్ముడి వల్ల ఆమె మానాల్సిన అవసరం లేదు.